విందు మరునాడు పెరిగిన బరువు: కొవ్వా, నీరా?

బరువు తగ్గదలచి పథ్యం ఆరంభించినవారు దానిని మధ్యలో విడిచిపెట్టడానికి కారణం ఆకలికి తాళలేకపోవడమేనని సాధారణంగా అనుకుంటారు. వైద్యుని వద్దకు వచ్చేవారు చెప్పే మాట మాత్రం తరచు వేరుగా ఉంటుంది. “నెల రోజులుగా నోరు కట్టుకున్నాను. ఒక్క పెళ్ళి భోజనానికి రెండు కిలోలు పెరిగిపోయాను. ఇక నా శరీరతత్త్వమే ఇంత” అని వారంటారు. ఆ మాట అన్ననాటి నుండి కొందరు పథ్యం మానివేస్తారు. మరికొందరు ఉపవాసాలకు దిగుతారు. ఇంకొందరు మందుల దుకాణంలో మూత్రం జారీ చేసే మాత్రలు కొని మింగుతారు. ఈ మూడు మార్గాలూ హానికరమైనవే. ఈ మూడింటికీ మూలం ఒకే అపోహ: తూకపు యంత్రం చూపించేది కొవ్వు బరువు అని భావించడం.

ఉప్పు, పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న భోజనం తరువాత బరువు ఒక్కసారిగా ఎందుకు పెరుగుతుంది, అలా నిలిచిన నీరు లోపల జరుగుతున్న కొవ్వు తరుగుదలను ఎలా మరుగుపరుస్తుంది అనే విషయాన్ని ఈ వ్యాసంలో వివరిస్తాను.

తూకంలో ఉన్నది ఏమిటి?

చరక సంహిత శారీరస్థానంలో శరీరంలోని ద్రవ పదార్థాల పరిమాణాలను దోసిళ్ళతో లెక్క కట్టి చెప్పారు. ఎవరి దోసిలి వారికే కొలమానం. ఆ లెక్క ప్రకారం శరీరమందు ఉదకం, అనగా నీరు, పది దోసిళ్ళు. మేదస్సు రెండు దోసిళ్ళు. ఈ కొలతలను నేటి ప్రయోగశాల లెక్కలతో పోల్చి చూడనవసరం లేదు. అందులోని తారతమ్యాన్ని గమనిస్తే చాలు. శరీరంలో అన్నింటికంటె అధికంగా ఉన్నది నీరు అని ప్రాచీనులు గ్రహించారు. ఆధునిక శాస్త్రం ప్రకారం కూడా పురుషుని శరీర బరువులో సుమారు 60 శాతం, స్త్రీ శరీర బరువులో సుమారు 50 శాతం నీరే. స్థూలకాయులలో ఈ పాలు కొంత తగ్గుతుంది.

కాబట్టి 70 కిలోల మనిషిలో ముప్పై అయిదు కిలోలకు అటూ ఇటూగా నీరు ఉంటుంది. అది తాగిన నీటిని బట్టి, తిన్న ఉప్పును బట్టి, చెమటను బట్టి, స్త్రీలలో ఋతుక్రమాన్ని బట్టి ప్రతిదినం హెచ్చుతగ్గులకు లోనవుతూ ఉంటుంది. కొవ్వు అలా కాదు. అది మెల్లగా చేరుతుంది, మెల్లగానే కరుగుతుంది. తూకపు యంత్రానికి ఈ రెండింటి భేదం తెలియదు. ఎముక, కండ, కొవ్వు, నీరు, ప్రేగులలోని మలం, అంతకు ముందు తిన్న అన్నం, అన్నింటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది.

ఉప్పు నీటిని ఎలా పట్టి ఉంచుతుంది?

లవణ రసం క్లేదాన్ని, అనగా తేమను, కలిగిస్తుందని మన శాస్త్రం చెబుతుంది. పిప్పలి, క్షారం, లవణం అనే మూడింటిని అధికంగా వాడరాదని చరకుడు విమానస్థానంలో ప్రత్యేకించి హెచ్చరించాడు. శోథ రోగంలో, అనగా శరీరానికి నీరు పట్టినప్పుడు, వైద్యులు మొట్టమొదట తగ్గించమనేది ఉప్పునే. ఇది ఏ విధంగా జరుగుతుందో తెలుసుకోవడానికి ఆసుపత్రిలో ఎక్కించే సెలైను సీసా చక్కని ఉదాహరణ. అర లీటరు సెలైనులో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. అనగా లీటరు నీటికి 9 గ్రాములు. మన రక్తంలోను, కణాల వెలుపల ఉన్న ద్రవంలోను ఉప్పు సాంద్రత దాదాపు ఇదే స్థాయిలో ఉంటుంది కనుకనే ఆ ద్రవాన్ని నేరుగా నరంలోకి ఎక్కించగలుగుతున్నారు.

ఈ సాంద్రత చెదరకుండా కాపాడుకోవడం శరీరానికి అత్యవసరం. భోజనంలో ఉప్పు ఎక్కువైనప్పుడు రక్తంలో ఆ సాంద్రత కొద్దిగా పెరుగుతుంది. వెంటనే దాహం వేస్తుంది. మూత్రపిండాలు నీటిని బయటకు పోనీయక తగ్గించి విడుస్తాయి. ఉప్పుకు తగినంత నీరు చేరి సాంద్రత మళ్ళీ సమానమయ్యే వరకు ఇది సాగుతుంది. సెలైను లెక్క ప్రకారమే చూస్తే, బయటకు పోకుండా నిలిచిపోయిన ప్రతి 9 గ్రాముల ఉప్పు తనతో పాటు సుమారు ఒక లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. లీటరు నీరు అంటే తూకంలో ఒక కిలో. ఒక చెంచా ఉప్పు, అనగా 5 గ్రాములు, అదనంగా నిలిస్తే అరకిలోకు పైగా బరువు కనిపిస్తుంది. ఆ అరకిలోలో కొవ్వు రవంత కూడా లేదు.

రోజుకు 5 గ్రాములకు లోపుగా ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, సాంబారు, పులిహోర, వీటన్నింటితో కూడిన విందు భోజనంలో ఒక్క పూటకే ఆ పరిమితి దాటిపోవడం కష్టం కాదు. అధికమైన ఉప్పును ఆరోగ్యవంతుని మూత్రపిండాలు విసర్జిస్తాయి గాని, ఒక్క రాత్రిలో కాదు. అందుకు సాధారణంగా రెండు మూడు రోజులు, ఒక్కొక్కప్పుడు నాలుగు రోజులు పడుతుంది. అంతవరకు ఉంగరం బిగుసుకోవడం, ఉదయం కనురెప్పలు కొద్దిగా ఉబ్బడం, మేజోళ్ళ గుర్తులు పాదాలపై పడడం చూస్తుంటాము.

ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. మామూలు ఉప్పుకు బదులు సైంధవ లవణం వాడితే నీరు పట్టదని అనేకులు నమ్ముతారు. సైంధవం శాస్త్రంలో శ్రేష్ఠమైన లవణమే. కాని దానిలోని ప్రధాన భాగం కూడా సోడియం క్లోరైడే. పరిమాణం పెరిగితే అది కూడా నీటిని పట్టి ఉంచుతుంది. లవణభేదం కంటె ఇక్కడ లవణ పరిమాణమే ముఖ్యం.

అన్నం, పిండివంటలు తిన్నప్పుడు

పిండిపదార్థాల సంగతి కొంత వేరు. అన్నం, పూరీ, బొబ్బట్టు, లడ్డు మొదలైనవి జీర్ణమై చక్కెరగా రక్తంలో చేరుతాయి. వెంటనే ఖర్చు కాని చక్కెరలో కొంత భాగాన్ని శరీరం కాలేయంలోను, కండరాలలోను నిలవ చేసుకుంటుంది. ఈ నిలవ పదార్థాన్ని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ 1857లో కాలేయం నుండి వేరుచేసి గ్లైకోజన్ అని పేరు పెట్టాడు. సాధారణంగా కాలేయంలో ఇది 100 గ్రాముల వరకు, కండరాలన్నింటిలో కలిపి 400 గ్రాముల వరకు ఉంటుంది. ఇది ఇంట్లో రోజువారీ ఖర్చుకు దగ్గర ఉంచుకున్న బియ్యపు డబ్బా వంటిది. కొవ్వు గాదెలోని ధాన్యం వంటిది.

ఈ గ్లైకోజన్ పొడిగా నిలవ ఉండదు. ఒక్కొక్క గ్రాము తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని ఉంచుకుంటుంది. పథ్యంలో అన్నం తగ్గించినవారికి ఈ నిలవ కొంత ఖాళీ అయి ఉంటుంది. అట్టివారు ఒకనాడు విందు చేస్తే ఖాళీ అయిన స్థానం నిండుతుంది. 200 గ్రాముల గ్లైకోజన్ చేరితే దానితో 600 గ్రాముల నీరు చేరి, మొత్తం 800 గ్రాముల బరువు పెరుగుతుంది. అంతేకాక, పిండిపదార్థాలు తిన్నప్పుడు పెరిగే ఇన్సులిన్ మూత్రపిండాలు ఉప్పును విసర్జించడాన్ని కొంత తగ్గిస్తుంది. అందువలన ఉప్పు, పిండి రెండూ కలిసిన భోజనం, ఉదాహరణకు పులిహోర, ఆవకాయ అన్నం, బజ్జీలు, బరువును ఎక్కువగా పెంచినట్లు కనిపిస్తుంది.

దీనికి వ్యతిరేక పక్షాన్ని కూడా తెలుసుకోవాలి. అన్నం పూర్తిగా మానివేసినవారు మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గి ఆశ్చర్యపోతారు. ఆ తగ్గుదలలో అధిక భాగం ఖాళీ అయిన గ్లైకోజన్, దానితో పోయిన నీరు, ఉప్పు. మళ్ళీ ఒకనాడు అన్నం తినగానే ఆ బరువు తిరిగి వస్తుంది. దానిని చూసి అన్నమే విషమని నిశ్చయించుకోవడం పొరపాటు. తగ్గినప్పుడు నీరు తగ్గింది, పెరిగినప్పుడు నీరు పెరిగింది. మధ్యలో కొవ్వు తన దారిన తాను మెల్లగా కరుగుతూనే ఉన్నది.

ఒక గృహిణి తూకపు పట్టిక

ఈ విషయం స్పష్టపడడానికి నా చికిత్సాలయంలో చూసిన ఒక గృహిణి పట్టికను ఇక్కడ వివరిస్తాను. ఆమె వయస్సు 46 సంవత్సరాలు. ఆరంభంలో బరువు 74 కిలోలు, నడుము చుట్టుకొలత 96 సెంటీమీటర్లు. ఇతర వ్యాధులేమీ లేవు. రెండు పూటలా అన్నాన్ని సగానికి తగ్గించి, ఆ లోటును కూరతోను పప్పుతోను పూరించమని, సాయంకాలపు వేపుడు తినుబండారాలు మానమని, ఉదయం నలభై నిమిషాలు నడవమని చెప్పాను. ఈ మార్పుతో ఆమె శరీరానికి కావలసిన దానికంటె రోజుకు సుమారు 400 కేలరీలు తక్కువ అందుతాయని నా అంచనా.

శరీరంలోని ఒక కిలో కొవ్వు సుమారు 7,700 కేలరీలకు సమానం. రోజుకు 400 చొప్పున వారానికి 2,800 కేలరీల లోటు ఏర్పడితే సుమారు 360 గ్రాముల కొవ్వు కరగాలి. ఆశించదగిన వేగం ఇంతే. అయినా మొదటి వారం చివర ఆమె బరువు 72.6 కిలోలకు దిగింది. ఒక కిలో నాలుగు వందల గ్రాములు తగ్గిందన్న మాట. ఆమె సంతోషించింది. అందులో కిలోకు పైగా నీరేనని, ముందు ముందు ఈ వేగం ఉండదని అప్పుడే చెప్పి ఉంచాను. అనుకున్నట్లే తరువాతి రెండు వారాలలో తగ్గుదల మందగించి, మూడవ వారం చివరి శనివారం ఉదయం 71.9 కిలోలు ఉన్నది.

మరునాడు ఆదివారం ఆమె బంధువుల ఇంట వివాహం. రెండు పూటలా విందు భోజనం. సోమవారం ఉదయం తూకం 73.8 కిలోలు. ఒక్క దినంలో కిలో తొమ్మిది వందల గ్రాములు. మూడు వారాల శ్రమ ఒక్క విందులో పోయిందని ఆమె కంటతడి పెట్టుకుంది. ఆనాటి నుండి మూడు రోజులు మంచినీళ్ళతో ఉపవాసం చేస్తానన్నది. పొరుగింటివారు చెప్పిన మూత్రం మాత్రల పేరు కూడా కాగితం మీద రాసుకుని వచ్చింది.

ఆమెతో నేను వేసిన లెక్క ఇది. ఆ కిలో తొమ్మిది వందల గ్రాములు కొవ్వే అయితే, ఆనాటి శరీర అవసరానికి మించి పధ్నాలుగు వేల ఆరు వందల కేలరీలు తిని ఉండాలి. వండిన అన్నం వంద గ్రాములకు సుమారు 130 కేలరీలు ఉంటాయి కనుక, మామూలు భోజనం కాక మరో పదకొండు కిలోల అన్నం తిన్నట్లు లెక్క. ఇది ఎవరికీ సాధ్యం కాదు. ఆమె తిన్నవాటిని అడిగి లెక్కిస్తే అవసరానికి మించినవి 1,200 కేలరీలకు లోపుగా తేలాయి. అవన్నీ కొవ్వుగా మారినా 150 గ్రాములు. వాస్తవంలో అందులో కొంత గ్లైకోజన్ రూపంలో నిలుస్తుంది కనుక కొవ్వు ఇంకా తక్కువే.

మిగిలిన బరువు ఎక్కడిది? సుమారు అయిదున్నర గ్రాముల ఉప్పు అదనంగా నిలిచి ఉంటుందనుకుంటే దానితో 600 గ్రాముల నీరు. ఖాళీ అయి ఉన్న గ్లైకోజన్ నిండడం వలన దాని నీటితో కలిపి 800 గ్రాములు. ఆలస్యంగా తిన్న రాత్రి భోజనం ఇంకా ప్రేగులలో ఉండడం వలన మూడు నాలుగు వందల గ్రాములు. వీటిని కలిపితే సోమవారపు తూకానికి లెక్క సరిపోతుంది. ఇవి గ్రాము గ్రాము కొలిచి చెప్పినవి కావు, అంచనాలే. కాని ఏ పాలు ఎంతో తెలుసుకోవడానికి చాలు.

ఆమెను ఉపవాసం మాన్పించి, మాత్రల కాగితం తీసుకుని పక్కన పెట్టి, సోమవారం నుండి యథావిధిగా పథ్యాహారమే తినమన్నాను. బుధవారం ఉదయం తూకం 72.8, శుక్రవారం 72.0, శనివారం 71.8. విందుకు ముందరి శనివారం కంటె వంద గ్రాములు తక్కువే. ఈ ఆరు రోజులలో ఆమె ఏ మందూ వాడలేదు. మూత్రపిండాలు తమ పని తాము చేశాయి.

నీటి మాటున కొవ్వు ఎలా దాగుతుంది?

ఇక్కడ గ్రహించవలసిన అసలు విషయం మరొకటి ఉన్నది. ఆ వారమంతా కొవ్వు కరగడం ఆగలేదు. రోజుకు యాభై గ్రాముల చొప్పున కొవ్వు పోతూ ఉన్నప్పుడు, దాని మీద కిలోన్నర నీరు వచ్చి చేరితే ఆ యాభై గ్రాములు కంటికి కనిపించవు. వరద వచ్చిన చెరువులో గట్టు మెట్లు ఎన్ని ఉన్నాయో కనిపించనట్లే. నీరు తీసిన తరువాత గాని మెట్లు బయటపడవు.

అందువలన ఒకనాటి తూకాన్ని మరొకనాటి తూకంతో పోల్చరాదు. వారంలోని ఏడు తూకాలను కూడి, ఏడుతో భాగించి, ఆ సరాసరిని ముందరి వారాల సరాసరితో పోల్చాలి. ఆ గృహిణికి మూడవ వారం సరాసరి 72.2 కిలోలు, నాలుగవ వారం 72.6, అయిదవ వారం 71.5. ఇందులో నాలుగవ వారపు అంకె గమనింపదగినది. ఒక్క విందు వలన వారపు సరాసరి కూడా పైకి లేచింది. అంటే వారం సరాసరి కూడా ఒక్కొక్కప్పుడు తప్పుదారి పట్టిస్తుంది. మూడవ వారాన్ని అయిదవ వారంతో పోల్చినప్పుడే రెండు వారాలలో ఆరేడు వందల గ్రాములు తగ్గినట్లు తెలిసింది. వారానికి 360 గ్రాముల చొప్పున ముందుగా వేసిన అంచనాకు, విందునాటి కొద్దిపాటి కొవ్వును తీసివేయగా, ఇది చక్కగా సరిపోతున్నది. అయిదవ వారం చివర నడుము చుట్టుకొలత 94 సెంటీమీటర్లకు దిగింది.

ఋతుక్రమం ఉన్న స్త్రీలలో బహిష్టుకు ముందరి వారంలో కూడా కొందరికి ఇదే విధంగా నీరు నిలిచి బరువు పెరుగుతుంది, రక్తస్రావం ఆరంభమైన కొద్ది రోజులకు తగ్గుతుంది. అట్టివారు ఈ నెలలోని ఒక వారాన్ని గత నెలలోని అదే వారంతో పోల్చుకోవాలి. అలవాటు లేని కఠిన వ్యాయామం కొత్తగా ఆరంభించినప్పుడు కండరాల నొప్పితో పాటు కొంత నీరు చేరి, కొద్ది రోజులు బరువు దిగకుండా ఉండవచ్చును.

తూచుకునే విధానం

ఉదయం నిద్ర లేచి, మలమూత్ర విసర్జన అయిన తరువాత, ఏమీ తినక త్రాగక ముందు తూచుకోవాలి. యంత్రాన్ని చాప మీదగాని, తివాచీ మీదగాని కాక గట్టి నేల మీద, ప్రతిసారి ఒకే చోట ఉంచాలి. ఒకే విధమైన తేలికపాటి దుస్తులు ధరించాలి. అంకెను ఒక పుస్తకంలో రాసి, ఆనాటికి దానిని మరచిపోవాలి. ముందురోజు విందుగాని, ఊరగాయలు అధికంగా తినడంగాని, ప్రయాణంగాని జరిగితే అంకె పక్కన ఒక మాట రాసుకుంటే, తరువాత చూసినప్పుడు కారణం దానంతట అదే తెలుస్తుంది.

నడుము చుట్టుకొలతను పదిహేను రోజులకు ఒకసారి, నిలుచుని, శ్వాసను సహజంగా విడిచిన తరువాత, బొడ్డు ఎత్తున టేపుతో చూడాలి. పొట్టను లోపలికి లాగరాదు. విందు మరునాడు కడుపు ఉబ్బరంగా ఉంటుంది కనుక ఆనాడు కొలవరాదు. నాలుగు వారాల పాటు సరాసరి బరువూ తగ్గక, చుట్టుకొలతా తగ్గకపోతే, అప్పుడు నీటిని నిందించి ప్రయోజనం లేదు. ఆహారం అనుకున్నదానికంటె అధికమవుతున్నదని గ్రహించి మళ్ళీ సరిచూసుకోవాలి.

విందు మరునాడు ఏమి చేయాలి?

ఆకలిని బట్టి మామూలు పథ్యాహారం తీసుకోవాలి. ఉపవాసం చేస్తే గ్లైకోజన్, దాని నీరు త్వరగా పోయి తూకం దిగుతుంది గాని, తరువాతి భోజనంతో మళ్ళీ ఎక్కుతుంది. ఈ ఎక్కుదిగుళ్ళ వలన ప్రయోజనం లేదు. ఊరగాయ, అప్పడం, వడియం, నిలవ పచ్చళ్ళు రెండు మూడు రోజులు దూరంగా ఉంచి, కూరలలో ఉప్పు తగ్గించాలి. సొరకాయ, పొట్లకాయ, బీరకాయ కూరలు, ఉప్పు వేయని పలుచని మజ్జిగ, బార్లీ గంజి తీసుకోవచ్చును. దాహానికి తగినంత మంచినీరు త్రాగాలి. ఒంట్లో నీరు పట్టిందని నీళ్ళు మానివేయడం అవివేకం. నిలిచిన ఉప్పు మూత్రం ద్వారానే బయటకు పోవాలి కదా. మామూలు నడక మానరాదు.

పునర్నవ, పల్లేరు వంటి మూత్రల ద్రవ్యాలు మన వైద్యంలో ప్రశస్తమైనవే. శోథ రోగాలలో వైద్యుని పర్యవేక్షణలో వాటిని వాడతాము. కాని అవి బయటకు పంపేది నీటిని. మేదస్సును అవి కరిగించవు. తూకం దిగడం కోసం వాటి కషాయాలను విందు తరువాత త్రాగడం వ్యర్థం. మూత్రం జారీ చేసే అల్లోపతి మాత్రలను సొంతంగా వాడడం అంతకంటె ప్రమాదకరం. వాటి వలన శరీరంలోని పొటాషియం, సోడియం తగ్గి నీరసం, పిక్కలు పట్టడం, కళ్ళు తిరగడం, ఒక్కొక్కప్పుడు గుండె లయ తప్పడం కూడా జరుగుతుంది. విరేచనపు మందులతో తగ్గే బరువు కూడా మలం, నీరు మాత్రమే.

నీరు వ్యాధి లక్షణం ఎప్పుడవుతుంది?

ఇంతవరకు చెప్పినదంతా ఆరోగ్యవంతుల విషయం. స్థౌల్యం వేరు, శోథం వేరు. విందు నీరు మూడు నాలుగు రోజులలో దానంతట అదే తగ్గుతుంది. తగ్గకపోతే కారణం వెతకాలి. మోకాలి క్రింద ముందరి ఎముక మీద బొటనవ్రేలితో కొన్ని క్షణాలు గట్టిగా నొక్కి తీసినప్పుడు గుంట పడి అలాగే నిలిచి ఉంటే అది శోథ లక్షణం. దానితో పాటు ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, మూత్రం తగ్గడం లేదా నురుగుగా పోవడం, ప్రతి ఉదయం ముఖం ఉబ్బడం ఉంటే గుండె, మూత్రపిండాలు, కాలేయం పరీక్ష చేయించుకోవాలి. థైరాయిడ్ లోపంలోను ఒళ్ళు ఉబ్బరిస్తుంది. ఒక్క కాలే వాచి నొప్పిగా ఉంటే వెంటనే వైద్యునికి చూపించాలి.

గుండె జబ్బుగాని, మూత్రపిండాల జబ్బుగాని ఉన్నవారికి రెండు మూడు రోజులలో రెండు కిలోలు పెరగడం ప్రమాద సూచన. వారు దానిని విందు నీరు అనుకుని ఊరుకోక అదే రోజు తమ వైద్యుని కలుసుకోవాలి. గర్భిణీ స్త్రీలకు ముఖం, చేతులు హఠాత్తుగా ఉబ్బి, తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే ఆలస్యం చేయరాదు. కీళ్ళ నొప్పుల మాత్రలు, స్టెరాయిడ్లు, కొన్ని రక్తపోటు మాత్రలు కూడా నీరు పట్టిస్తాయి కనుక, అట్టి మందులు వాడేవారు ఆ సంగతి వైద్యునికి తెలుపవలెను. మందును సొంతంగా మానరాదు. మూత్రపిండాల వ్యాధిగ్రస్తులు సోడియం తక్కువని అమ్మే పొటాషియం ఉప్పులను, అధికంగా కొబ్బరినీళ్ళను వైద్యుని అడగక వాడరాదు.

ఈ లక్షణాలేవీ లేనివారు విందు మరునాటి అంకెను పుస్తకంలో రాసుకుని, పక్కన “పెళ్ళి భోజనం” అని గుర్తు పెట్టుకుని, ఆనాటి పథ్యం ఆనాడు చేయాలి. శనివారం వరకు ఆగి ఏడు అంకెలను కూడి సరాసరి తీయాలి. ఆ వారపు సరాసరి పెరిగి కనిపించినా మరొక వారం ఆగి, విందుకు ముందరి వారంతో పోల్చి, అప్పుడు నిర్ణయానికి రావలెను.